ఆ గొళ్ళెం ఎందుకు ఊడదు? పదే పదే వచ్చే పీడకలల మీద ఒక మాట

(పర్లాకిమిడిలో తెలుగువాళ్ళం కలుసుకున్న సాయంత్రం బరంపురం నుంచి వచ్చిన ఒక క్లినికల్ సైకాలజిస్టు మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, నా గొంతు కంటే దాని గొంతే పెద్దగా ఉంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒకటి అడుగుతాను. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మీలో ఎంతమంది విన్నారు? చూశారా, అన్ని చేతులూ లేచాయి. మా అమ్మమ్మా అదే చెప్పేది. మా క్లినిక్కుకి వచ్చేవాళ్ళలో సగంమంది భయం ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. కల వచ్చినందుకు భయం ఒకటి, అది తెల్లవారుజామున వచ్చింది కాబట్టి జరిగి తీరుతుందేమోనని ఇంకో భయం.

అసలు తెల్లవారుజామునే ఎందుకొస్తుంది? మన నిద్ర రాత్రంతా ఒకేలా ఉండదు. సుమారు గంటన్నరకి ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ కనుగుడ్లు రెప్పల కింద గబగబా కదిలే దశ ఒకటి ఉంటుంది, దాన్ని రెమ్ నిద్ర అంటారు. కథలా సాగే గట్టి కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. మొదటి చుట్టులో ఈ దశ కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ పెరుగుతుంది, తెల్లవారే ముందు చుట్టులో అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. అంటే ఆ వేళకి కలకి చోటెక్కువ, నిద్ర పలచన, మెలకువ రావడం తేలిక. మెలకువ వచ్చింది కాబట్టి గుర్తుంటుంది. మూడున్నరకీ నాలుగింటికీ వచ్చే కలలో ఉన్న మహిమ అంతే.

ఇంకొకటి. రాత్రి పడుకున్న గంటా రెండు గంటల్లోపే కేక పెట్టి లేచి కూర్చుని, ఏమైందని అడిగితే ఏమీ చెప్పలేక, పొద్దున్న అసలు గుర్తే లేకపోతే అది పీడకల కాదు. అది గాఢనిద్రలో వచ్చే వేరే సంగతి, పిల్లల్లో ఎక్కువ. పీడకల అంటే లేవగానే పూర్తి స్పృహ ఉంటుంది, కథంతా పూసగుచ్చినట్టు చెప్పగలరు. నేనివాళ మాట్లాడేది ఆ పీడకల గురించే, అదీ పెద్దవాళ్ళకి, అదే కల, వారానికి రెండుసార్లో నాలుగుసార్లో, నెలల తరబడి వచ్చేదాని గురించి.

సరే, ఎందుకొస్తుంది? దిష్టి, గాలి, దిండు కింద చాకు, అవన్నీ నేను పక్కన పెట్టేస్తాను, మీరు పెట్టుకుంటే పెట్టుకోండి, చాకు మటుకు మొన వైపు కాగితం చుట్టి పెట్టుకోండి. ముందు చూడాల్సింది మందుల డబ్బా. ఇది నా సొంత అనుభవం. నాకు మైగ్రేన్ తలనొప్పి ఉండేది, ప్రొప్రనలాల్ వాడమన్నారు. వాడడం మొదలుపెట్టాక కలలు మొదలయ్యాయండీ, ఎలాంటి కలలు! రంగుల్లో, వాసనలతో సహా. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నాకే మందు సంగతి తట్టలేదు, మూడో వారం మా ఆవిడ అడిగింది, "ఆ కొత్త మాత్రలు మొదలెట్టినప్పటి నుంచేగా?" అని. ఆ జాతి బీపీ మందుల్లో కొన్ని మెదడులోకి సులువుగా వెళ్తాయి, కొందరికి ఇలా చేస్తాయి. డిప్రెషన్ మందులు కొన్నిటితోనూ, పార్కిన్సన్ జబ్బుకిచ్చే లెవోడోపాతోనూ వస్తాయి. కానీ దయచేసి వినండి, ఇంటికెళ్ళి ఇవాళే మాత్ర ఆపెయ్యకండి. ప్రొప్రనలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం. కల ఎప్పుడు మొదలైందో, మందు ఎప్పుడు మొదలైందో రెండు తేదీలు కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. మార్చడం ఆయన పని.

రెండోది మందు. ఆఁ, నవ్వుతున్నారు, ఆ మందే. సీసాదైనా ఇప్పసారా అయినా ఒకటే. తాగి పడుకుంటే రాత్రి మొదటి సగంలో రెమ్ నిద్ర అణిగిపోతుంది, రెండో సగంలో అణిగినదంతా కలిసి తన్నుకొస్తుంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేసినప్పుడు ఇంకా ఘోరంగా ఉంటుంది. "సార్, మానేస్తే కలలొస్తున్నాయి, అందుకే మళ్ళీ పట్టాను" అని చెప్పినవాళ్ళున్నారు. అబద్ధం కాదు వాళ్ళు చెప్పేది. కానీ బాగా తాగేవాళ్ళు ఒంటరిగా, హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే, ఆస్పత్రి సాయంతో మానాలి.

మూడోది గురక. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగి, గతుక్కుమని లేచేవాళ్ళకి మునిగిపోతున్నట్టు, గొంతు నొక్కుతున్నట్టు కలలు రావచ్చు. ఆ జబ్బుకి వైద్యం చేయించుకుంటే చాలామందికి కలలూ తగ్గుతాయి. పక్కన పడుకునేవాళ్ళని అడగండి, మీకెలాగూ తెలీదు. అలాగే యాభై దాటిన మగవాళ్ళు కలలో గుద్దడం, తన్నడం, మంచం మీంచి పడడం ఉంటే నేను చెప్పబోయే చిట్కా వాళ్ళకి కాదు, వాళ్ళు నరాల డాక్టరుని చూడాలి, అది వేరే జబ్బుకి ముందు గుర్తు కావచ్చు.

ఇవన్నీ చూశాక మిగిలేది పెద్దది. ఏదో జరిగింది. ప్రమాదం, దాడి, చావు, వరద. మనిషి బయటపడ్డాడు, కల మాత్రం పడలేదు. ఇక్కడి వాళ్ళకి వరద గురించి నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. మన గజపతి జిల్లాలో కొండచరియలు, వంశధార, మహేంద్రతనయ నీళ్ళు. ఆ తరవాత ఏళ్ళు గడిచాయి. నా దగ్గరికి వచ్చిన ఒకామె కథ చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, ఆమెని అడిగే చెప్తున్నాను.

ఆమెది టిఫిన్ కొట్టు. నలభై ఆరేళ్ళు. పొద్దున్న నాలుగున్నరకి ఇడ్లీ పాత్ర పొయ్యి మీదకెక్కాలి. వీధిలో ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ అందరూ ఆమెని మావుసీ అంటారు, నేనూ అదే అన్నాను. మావుసీకి ఐదేళ్ళుగా ఒకే కల. చీకటి. గడప కింద నుంచి నీళ్ళు లోపలికి వస్తాయి, చప్పుడు లేకుండా. పిండి దబరా నీళ్ళలో తేలి వెళ్ళి గోడకి తగిలి ఠంగుమంటుంది. అవతల నుంచి కూతురు "అమ్మా" అంటుంది. ఈమె తలుపు గొళ్ళెం పట్టుకుంటుంది, గొళ్ళెం రాదు. "గుంజుతాను బాబూ, రాదు. అరుద్దామంటే నోరు రాదు." అక్కడ లేస్తుంది. ప్రతిసారీ అక్కడే. నిజంగా ఆ రోజు కూతురికి ఏమీ కాలేదు, ఇల్లు తడిసింది, రెండు మేకలు పోయాయి, అంతే. వారానికి నాలుగు రాత్రులు ఆ గొళ్ళెం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రతిసారీ ఎందుకు అక్కడే లేస్తుంది? భయం పైకి పైకి వెళ్ళి మెలకువ తెప్పించేస్తుంది. కాబట్టి కథ ఎప్పుడూ ముందుకెళ్ళదు, గొళ్ళెం ఎప్పుడూ ఊడదు. గ్రామఫోను రికార్డు గీత పడినచోట మళ్ళీ మళ్ళీ అదే పాడుతుంది చూడండి, అలా. దానికి తోడు మావుసీ పడుకోవడానికే భయపడి పదకొండు, పన్నెండు దాకా టీవీ ముందు కూర్చునేది. నిద్ర తక్కువైతే రెమ్ నిద్ర బాకీ పడుతుంది, తీర్చుకునేటప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది. కలకి భయపడి నిద్ర మానుకోవడం కలకి మేత వెయ్యడమే.

అమెరికాలో న్యూ మెక్సికోలో బారీ క్రాకో అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఒక పద్ధతి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇమేజరీ రిహార్సల్ అంటారు. మన మాటలో చెప్పాలంటే కలని మార్చి రాసి, మార్చినదాన్ని పగలు మనసులో ఆడించుకోవడం. ఆయన చెప్పేదేంటంటే పీడకల మొదట్లో దెబ్బ వల్ల వచ్చి ఉండవచ్చు, కానీ ఏళ్ళు గడిచాక అది అలవాటుగా నడుస్తుంది, అలవాటుని అలవాటుతోనే మార్చవచ్చని. 2001లో జామా అనే వైద్య పత్రికలో వాళ్ళ పరీక్ష అచ్చయింది. లైంగిక దాడికి గురైన 168 మంది ఆడవాళ్ళు, మూడంటే మూడు సిట్టింగులు. చేసినవాళ్ళకి కలలు తగ్గాయి, నిద్ర బాగుపడింది, ఎదురుచూసే జాబితాలో ఉంచినవాళ్ళలో అంత మార్పు లేదు. 2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కూడా పీడకలల జబ్బుకి ఈ పద్ధతినే సిఫారసు చేసింది.

వినడానికి ఎంత తేలికగా ఉందో కదా? కల మార్చి రాసుకో, చదువుకో, అయిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. మొదట్లో ఒక కుర్రాడు వచ్చాడు, బైకు ప్రమాదం, స్నేహితుడు కళ్ళముందే పోయాడు. నేను తెలివితక్కువగా, "నీకు అన్నిటికంటే భయంకరమైన కల ఏదో అదే రాయి" అన్నాను. రాశాడు. రాసి ఇంటికెళ్ళి మూడు రాత్రులు పడుకోలేదు. తప్పు నాది. పాఠంలో స్పష్టంగా ఉంది, మొదట చిన్న కల తీసుకో అని. ప్రమాదాన్ని ఉన్నదున్నట్టు చూపించే కలని అసలు మొదటే తీసుకోకూడదు. చదివాను కూడా. తొందరపడ్డాను.

అందుకని మావుసీతో వరద కల ముట్టుకోలేదు. మొదటి వారం కలే లేదు. రోజూ ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఏదైనా హాయైన చోటు చూడమన్నాను. ఆమె ఎంచుకున్నది మహేంద్రగిరి ఎక్కేటప్పుడు మధ్యలో కూర్చున్న ఒక రాయి. ఎందుకిది? ఊహలో బొమ్మ నిలపడం ఒక పని, దానికి కండ పట్టాలి. ఇంకో లాభం ఉంది, హాయైన బొమ్మలోకే భయపు బొమ్మలు చొరబడి ఆపలేకపోతున్నారంటే అక్కడే ఆగి, మనిషి సాయం తీసుకోవాలి అని మనకి తెలిసిపోతుంది.

రెండో వారం చిన్న కల. ఆమెకి ఇంకో కల వస్తుంది, కొట్టు ముందు జనం నిలబడి ఉంటారు, గ్యాసు అయిపోతుంది, సాంబారు పులిసిపోయి ఉంటుంది. పదికి ఎంత భయం అంటే నాలుగు అంది. వరద కల తొమ్మిది. నాలుగుతో మొదలుపెట్టాం. "ఎలా మార్చాలి బాబూ?" అంది. నీ ఇష్టం అన్నాను. క్రాకో పద్ధతిలో కూడా అంతే, మీకు నచ్చినట్టు మార్చండి అంటారు. ఆఖరు మార్చాలని లేదు, మొదలు మార్చవచ్చు, గోడ రంగు మార్చవచ్చు. మావుసీ జనాన్ని మార్చింది. వచ్చినవాళ్ళంతా ఆమె పెళ్ళికి వచ్చిన చుట్టాలట, తినడానికి కాదు, వండిపెట్టడానికి వచ్చారట. నవ్వుతూ చెప్పింది.

రాయడం దగ్గర ఒక చిక్కు వచ్చింది, ఇది మనకే వచ్చే చిక్కు. ఆమె ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా బడిలో ఐదో క్లాసు. తెలుగు అక్షరాలు రావు. ఒడియా అక్షరాల్లో తెలుగు రాసుకుంది. నేను చదవలేకపోయాను, ఆమే చదివి వినిపించింది. మీలోనూ చాలామంది ఇంతే కదా? ఏ లిపిలో రాసినా ఫరవాలేదు, అసలు రాయకపోయినా నోటితో చెప్పుకుని ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. మాట మటుకు మీకు కల వచ్చే భాషలోది ఉండాలి.

నాలుగో వారంలో వరద కలకి వచ్చాం. మొదట ఆమె మార్చింది ఇలా: నీళ్ళు వస్తుంటే జగన్నాథస్వామి వచ్చి చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. బాగుంది కదా? నేనూ బాగుందనే అన్నాను. వారం ఆడించుకుంది, ఏమీ కాలేదు. అడిగితే నెమ్మదిగా చెప్పింది, "ఆయన వచ్చేదాకా నేను గొళ్ళెం పట్టుకుని ఊరికే నిలబడాల కదా బాబూ." అదండీ. కొత్త కథలో కూడా ఆమె చేతులు కదలట్లేదు. ఊహించుకుంటున్నప్పుడు భుజాలు బిగుసుకునే ఉన్నాయి. మార్పు కుదిరిందో లేదో చెప్పేది ఒళ్ళే. అందమైన కథ అయినా తలుచుకోగానే దవడ బిగిస్తే అది మీ కథ కాదు, ఇంకోటి రాయండి. సినిమాలో హీరోలా కొట్టి గెలిచే కథలూ ఇలాగే విఫలమవుతుంటాయి, కొట్టాలంటే ముందు భయం పూర్తిగా లేవాలి కదా.

రెండోసారి ఆమె ఏం చేసిందో చూడండి. తలుపే తీసేసింది. తలుపు చోట వాళ్ళమ్మగారింట్లో ఉండే పాత చీర పరదా పెట్టింది, పసుపురంగుది. నీళ్ళు వస్తాయి, నీళ్ళని ఆపలేదు, చీలమండ దాకా వస్తాయి. ఆమె కొబ్బరి చీపురు తీసుకుని ఆ నీళ్ళని బయటికి ఊడుస్తుంది. రోజూ తెల్లారగట్ల కొట్టు కడిగేటప్పుడు చేసే పనే, సర్, సర్ అని ఆ చప్పుడు. పరదా పక్కకి తోస్తే అవతల కూతురు జడ వేసుకుంటూ ఉంటుంది. "అమ్మా, రిబ్బను ఏదీ?" అంటుంది. అంతే కథ. ఆ "అమ్మా" పాత కలలోదే, గమనించారా? మాట అదే ఉంచి, దాని వెనకాల భయం తీసేసి రిబ్బను పెట్టింది. ఇది నేను చెప్పింది కాదు, నాకు ఈ జన్మకి తట్టేది కాదు.

దీన్ని మధ్యాహ్నం కొట్టు కట్టేశాక పది నుంచి ఇరవై నిమిషాలు, కూర్చుని, కళ్ళు మూసుకుని చూసేది. పాత కల చూడనక్కర్లేదు, మొదట ఒక్కసారి రాసింది చాలు, ఇక రోజూ కొత్తదే. వారానికి ఒకటి, మహా అయితే రెండు కలలకి మించి పని పెట్టుకోకూడదు. పక్కన ఒక కాలెండరు, కల వచ్చిన రాత్రికి చుక్క. లెక్క ముఖ్యం, ఎందుకంటే నాలుగు మూడైతే మనసుకి తెలీదు, చుక్కలకి తెలుస్తుంది.

పరదా కథ మొదలెట్టిన దగ్గర్నుంచి చుక్కలు ఇలా పడ్డాయి: మొదటి వారం నాలుగు, రెండో వారం నాలుగు. ఆమె మానేద్దామనుకుంది. మూడో వారం మూడు, కానీ ఒక రాత్రి కలలో గొళ్ళెం కదిలిందట, పూర్తిగా ఊడలేదు, కదిలింది. నాలుగో వారం ఒకటి. ఒక్క విషయం చెప్పాలి, పసుపు పరదా కల ఆమెకి ఎప్పుడూ రాలేదు. చాలామంది ఇక్కడ నిరుత్సాహపడతారు, కొత్త కల రాలేదంటూ. రానక్కర్లేదు. పాతది రాకపోతే, వచ్చినా మారి వస్తే, పని జరుగుతున్నట్టే. తరవాత రెండు నెలలు చుక్క లేదు. మళ్ళీ తుపాను హెచ్చరిక వచ్చిన వారం రెండుసార్లు వచ్చింది. పాత కాగితం తీసి వారం రోజులు ఆడించుకుంది, నా దగ్గరికి కూడా రాలేదు, ఫోనులో చెప్పింది.

అందరికీ ఇలా అవుతుందా? అవదు. నెలన్నర సక్రమంగా చేసినా చుక్కలు తగ్గకపోతే, పగలు కూడా ఆ సంఘటన కళ్ళముందు ఆడుతుంటే, లేనివి వినిపిస్తుంటే, ఒంటరిగా చెయ్యకండి. పీడకలలతో పాటు చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రేపటి దాకా కూడా ఆగొద్దు, ఈ రెండిటికీ సంబంధం ఉంది. 14416, టెలిమానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ వదినా, మీరు. పడుకునే ముందు చెయ్యొచ్చా అని అడుగుతున్నారు. కొందరు చేస్తారు, నేనైతే మొదటి రెండు వారాలు పగలే చెయ్యమంటాను. మంచం మీద చేస్తే మధ్యలో నిద్రపట్టి పాత దారిలోకి జారిపోతారు. కుదిరాక అప్పుడు మార్చుకోండి.

అటు పక్క పెద్దాయన ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి. ఏంటి బాబాయ్? మీ పిన్ని పోయి నాలుగేళ్ళయింది, వారానికోసారి కలలోకి వస్తుంది, వచ్చి మంచినీళ్ళు అడుగుతుంది, దాన్ని ఎలా మార్చాలి అంటున్నారు. బాబాయ్, లేచాక గుండె దడగా ఉంటుందా? ఉండదు. మళ్ళీ పడుకోవడానికి భయమేస్తుందా? లేదు. నీళ్ళిస్తారా కలలో? ఇస్తారు. తాగుతుందా? తాగుతుంది. అయితే దాన్ని ముట్టుకోకండి బాబాయ్, అది నా లెక్కలోకి రాదు.